ఒక గోడ, ఒక కిటికీ

2024 అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు అందుకున్న పది వేల మందికి పైగా టీచర్లలో నేనూ ఒకదాన్ని. దసరా అయ్యాక పోస్టింగ్ వచ్చింది. లాడ్ బజార్ వెనక ఒక గల్లీలో ఉన్న ప్రాథమిక పాఠశాల. ఉప్పుగూడలో మేముండే అద్దె ఇంటికి దూరం కాదు కాబట్టి అమ్మ చాలా సంతోషపడింది. అప్పటికి నా దగ్గర డబ్బు లేదు. డీఎస్సీకి చదవాలని ఎండాకాలంలోనే ప్రైవేటు బడి మానేశాను. ఇల్లు అమ్మ కుట్టుమిషన్ మీదే నడుస్తోంది. కొత్తగా చేరినవాళ్ల పేర్లు జీతాల పట్టీకి ఎక్కాలి, నంబర్లు రావాలి, మొదటి జీతం చేతికి రావడానికి టైం పడుతుందని ముందే అందరూ చెప్పారు. ఉద్యోగం వచ్చిందని చుట్టాలంతా అభినందిస్తుంటే, ఆటో డబ్బులు మిగులుతాయని నేను చార్మినార్ దాకా నడుస్తున్నాను.

ఆ పరిస్థితిలో నవంబర్ వారోత్సవం వచ్చింది. నవంబర్ 11 మౌలానా అబుల్ కలాం ఆజాద్ జయంతి. ఆయన దేశానికి మొదటి విద్యామంత్రి కాబట్టి ఆ రోజును జాతీయ విద్యా దినోత్సవంగా చేస్తారు. 14 బాలల దినోత్సవం. ఆ ఏడాది 11 సోమవారం, 14 గురువారం పడ్డాయి, శుక్రవారం కార్తీక పౌర్ణమి సెలవు. అంటే సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రోజులూ పండగే. మా బడిలో ఉర్దూ మీడియం, తెలుగు మీడియం ఒకే కప్పు కింద ఉంటాయి కాబట్టి ఆజాద్ జయంతిని ఏదో మొక్కుబడిగా కానివ్వరు. "ఎవరి గది వాళ్లే అలంకరించుకోవాలె. ఉన్నదాంతోనే కానియ్యమ్మా" అన్నారు పెద్ద మేడం. ఉన్నది అంటే బడి గ్రాంటులో మిగిలింది కాదు. అది సుద్దముక్కలకీ రిజిస్టర్లకీ ఒక ట్యూబ్‌లైటుకీ ఎప్పుడో అయిపోయింది. నా చేతిలో ఉన్నదని అర్థం. అమ్మ బ్లౌజుల డబ్బుల్లోంచి తీసి ఏడు వందలు ఇచ్చింది. ఆ నెల కిరాణా దుకాణానికి బాకీ ఉన్నామన్న సంగతి నాకు తెలుసు. అయినా తీసుకున్నాను.

డబ్బు ఒక్కటే అయితే ఏదో ఒకలా గట్టెక్కేదాన్ని. ఆ నెల 6వ తేదీ నుంచి రాష్ట్రమంతటా ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది. ప్రాథమిక పాఠశాలల టీచర్లమే ఎన్యూమరేటర్లం. అందుకని ప్రాథమిక బడులు ఒంటిపూట చేశారు. ఒంటిగంట దాకా బడి, ఆ తర్వాత గల్లీలు. ఒక్కొక్కరికి సుమారు 150 ఇళ్లు. మొదట ఇళ్ల జాబితా, తలుపుల మీద స్టిక్కర్లు, తర్వాత 75 అంశాల ఫారం. తలుపు తీసినవాళ్లు ముందు ఆ ఫారం ఎంత పొడుగుందో చూస్తారు, తర్వాత నా మొహం చూస్తారు. మగవాళ్లు దుకాణాల్లో ఉంటారు, సాయంత్రం రమ్మంటారు. సాయంత్రం వెళితే ఆధార్ కార్డు బీరువాలో ఉంది, తాళంచెవి అత్తగారి దగ్గరుంది అంటారు. ఇంటికి చేరేసరికి కాళ్లు వాచి చెప్పులు పట్టేవి కావు. కాబట్టి గది అలంకరణకు నాకున్న సమయం పిల్లల సమయమే, పొద్దున తొమ్మిదికీ ఒంటిగంటకూ మధ్య. అది కూడా పాఠాలు పోగా మిగిలింది.

నా గదిలో మూడు, నాలుగు తరగతుల పిల్లలు కలిసి కూర్చుంటారు. ముప్పై నాలుగు మంది. గది ఇరవై అడుగుల పొడవు, పదహారు అడుగుల వెడల్పు. సున్నం గోడలు. కింది మూడడుగులు వానాకాలపు చెమ్మకు పొక్కులొచ్చి ఉన్నాయి. ఇలాంటి గోడకు ఏ టేపు అంటించినా అది గోడను పట్టుకోదు, గోడ మీది సున్నాన్ని పట్టుకుంటుంది. పొద్దున అంటిస్తే మధ్యాహ్నానికి సున్నం పొరతో సహా ఊడి కింద పడుతుంది. చార్టు ఊడినచోట తెల్ల మచ్చ మిగులుతుంది. వేలితో గోడను రుద్ది చూస్తే చాలు, వేలికి పొడి అంటిందంటే ఆ గోడ మీద టేపు పని చేయదు. మైదా జిగురు పట్టుకుంటుంది, నిజమే. కానీ దానికోసం రాత్రి ఎలుకలూ బొద్దింకలూ వస్తాయి, కాగితంతో సహా కొరుకుతాయి. మేకులు కొడదామంటే పాత గోడ, మేకు చుట్టూ గచ్చు పిడికెడు రాలుతుంది.

అందుకని గోడలకు ఏమీ అంటించకూడదని మొదటే అనుకున్నాను. గదిలో అప్పటికే ఉన్న గట్టి వస్తువులేమిటో చూశాను. నల్లబల్ల ఉన్న గోడకు రెండు చివర్లా ఎవరో ఎప్పుడో బిగించిన ఇనుప కొక్కేలు, బల్లకు పైన మధ్యలో ఒక మేకు, తూర్పు కిటికీకి ఊచలు. అంతే. వీటి మధ్య సుత్లీ కడితే గోడతో పని లేదు. ఫ్యాను కొక్కేనికి మాత్రం ఏదీ కట్టలేదు. ఎవరో ఒకరు స్విచ్ వేస్తారు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తేల్చుకున్నాను. నాలుగు గోడలకూ తలా కొంచెం పెడితే ఏడు వందల సంగతి గోడ గోడకూ తెలిసిపోతుంది. ఒక్క గోడ నిండుగా, ఒక్క కిటికీ నిండుగా ఉంటే గుమ్మంలో నిలబడి చూసేవాళ్ల కళ్లు అక్కడికే పోతాయి. మిగతా మూడు గోడలు కడిగినట్టు ఖాళీగా ఉన్నా తప్పు పట్టరు. పిల్లలు రోజంతా చూసేదీ నల్లబల్ల గోడనే.

బెలూన్లు వద్దనుకున్నాను. సోమవారం ఊదినవి బుధవారానికి ముడతలు పడతాయి, అసలు అంతదాకా పిల్లలు ఉండనివ్వరు. బంతిపూల మీద మనసు పోయింది. గుడిమల్కాపూర్‌లో మార్కెట్ ముగిసే వేళకు వెళితే మిగిలినవి చవగ్గా ఇస్తారు. కానీ అది కార్తీక మాసం, గురువారం అంటే పౌర్ణమికి ముందు రోజు. ఆ రోజు పూలు చవగ్గా దొరకవు. సోమవారమే తెచ్చి కడితే గురువారానికి నల్లబడతాయి. పూలు తీసేశాను.

ఇక కాగితం. రంగుకాగితాల తోరణాలు బేగంబజార్‌లో రెడీగా దొరుకుతాయి. ఇరవై అడుగుల గోడ నిండేలా కొంటే సగం డబ్బు దానికే పోతుంది. మా ఉర్దూ సెక్షన్ ఆపా, నన్ను మొదటి రోజు నుంచీ బేటీ అనే పిలుస్తుంది, ఆమె చెప్పింది. "ఛత్తా బజార్ వెళ్లు. షాదీ కార్డులు కోసిన ముక్కలు బోరాలకు బోరాలు పడి ఉంటాయి."

పాతబస్తీ తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. మదీనా దగ్గర్లో ఉండే ఛత్తా బజార్ పెళ్లికార్డులకు పేరుపడ్డ బజారు. ఒకప్పుడు ఉర్దూ కాతిబులు చేత్తో రాసేవారు, ఇప్పుడు కంప్యూటరు, ఆఫ్‌సెట్టు. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, హిందీ, ఏ భాష కార్డైనా అక్కడ అచ్చవుతుంది. అచ్చయిన పెద్ద షీటును కటింగ్ మిషన్ కింద పెట్టి అంచులు కోస్తారు. కింద పడేవి అంగుళం వెడల్పు, ఒక్కోసారి అంగుళంన్నర వెడల్పు పొడుగాటి పట్టీలు. మందమైన అట్ట, ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగులు. అవన్నీ చివరికి తుక్కుకు పోతాయి.

సర్వే ముగించుకుని సంచీలో ఫారాలతోనే అక్కడికి వెళ్లాను. పెళ్లిళ్ల సీజన్, మిషన్లు ఆగకుండా నడుస్తున్నాయి. అడగడానికి నోరు రాలేదు. ప్రభుత్వ టీచరునై ఉండి తుక్కు అడుగుతున్నాననిపించింది. మెళ్లో సర్వే కార్డు వేలాడుతుండటంతో మొదట ఆ మనిషి సర్వే కోసం వచ్చాననుకుని, మా ఇంటికి నిన్ననే వచ్చిపోయారన్నాడు. బడి పిల్లల కోసమని చెప్పాక మిషన్ కిందికి చెయ్యి చూపించాడు. "లేలేవ్ మేడం, కచరాచ్ హై."

కచరా అయినా ఏరుకోవాలి. దొరికిందంతా పనికిరాదు. అట్టకు ఒక దిశలో పోగు ఉంటుంది, చీర బట్టకు ఉన్నట్టే. పోగు వెంట వంచితే అట్ట మెత్తగా గుండ్రంగా తిరుగుతుంది. పోగుకు అడ్డంగా వంచితే ఠక్కుమని గీత పడి విరుగుతుంది. గొలుసు చేయాలంటే వృత్తంగా వంగాలి కాబట్టి ప్రతి కట్టలోంచి ఒక పట్టీ తీసి చేతిలో వంచి చూశాను. విరిగితే ఆ కట్ట మొత్తం వదిలేశాను. ఒక షీటు నుంచి కోసిన కట్ట అంతా సాధారణంగా ఒకే గుణంతో ఉంటుంది. తళతళలాడే బంగారు, వెండి పూత పట్టీలు చూడటానికి బాగుంటాయి గానీ వంచినచోట పూత పగిలి తెల్లగా లేస్తుంది. అవి కొన్నే తీసుకున్నాను, వంచని పనులకు. బైండింగ్ చేసే ముసలాయన నేను జిగురు గురించి అడిగితే మైదాలో మైలుతుత్తం కలపమన్నాడు, పురుగు రాదు. వాళ్ల పనికి అది సరైందే. మైలుతుత్తం విషం, చేతులు కడగకుండానే రొట్టె తినే పిల్లల మధ్య అది పెట్టలేను. పటిక కలుపుకుంటానన్నాను. బోరా బరువైంది. ఆటోకు అరవై అడిగాడు. ఆ అరవై ఇవ్వడానికే నాకు ఎక్కువ బాధైంది.

గొలుసు లెక్క ఇది. గోడ ఇరవై అడుగులు. మధ్య మేకు దగ్గర ఎత్తి రెండు వైపులా కొంచెం కిందికి వేలాడితేనే అందం కాబట్టి ఇరవై ఏడు అడుగుల గొలుసు కావాలి. ఆరంగుళాల పట్టీతో చేసిన కడియం అడుగుకు ఏడు పడుతుంది. అంటే నూట తొంభై దాకా. ముప్పై నాలుగు మంది తలా ఆరు చేస్తే సరిపోయి పైన పద్నాలుగు దాకా మిగులుతాయి, చిరిగినవాటికి.

మందమైన అట్టను మైదా జిగురు పట్టి ఉంచలేదు, ఆరేలోపు విచ్చుకుంటుంది. స్టేప్లర్ పిన్నులు కొనాలి, పిల్లల వేళ్లకు గుచ్చుకుంటాయి. అందుకని జిగురూ పిన్నూ లేని పద్ధతి. పట్టీకి ఒక చివర అర అంగుళం వదిలి పై అంచు నుంచి సగం దాకా ఒక గాటు. రెండో చివర అలాగే, కానీ కింది అంచు నుంచి. పట్టీని గుండ్రంగా తిప్పి ఒక గాటును ఇంకో గాటులోకి దూరిస్తే తాళం పడుతుంది. పల్చటి కాగితంతో ఇది కుదరదు, గాటు దగ్గర చిరుగుతుంది. పెళ్లికార్డు అట్టకు కుదురుతుంది. కొత్త కడియాన్ని తాళం వేయకముందే పాత కడియంలోంచి దూర్చాలి. ఈ ఒక్క ముక్క పిల్లలకు ఎంత చెప్పినా మొదట ఎక్కలేదు. విడివిడి కడియాలు కుప్ప పోశారు. అవేమీ వృథా కావు, తాళం తీసి మళ్లీ వేయొచ్చు.

మొండి మొనల కత్తెరలు నాలుగు కొన్నాను. ముప్పై నాలుగు మందికి నాలుగు కత్తెరలు. కాబట్టి నాలుగో తరగతిలో చేయి నిలకడున్న నలుగురు గాట్లు పెట్టడం, మిగతావాళ్లు తాళాలు వేయడం. గాటు సగానికి మించితే పట్టీ తెగుతుంది, సగం రాకపోతే తాళం పడదు. పెన్సిలుతో గీత గీసిన ఒక పట్టీని ఆ నలుగురి ముందూ కొలతగా పెట్టాను. గోల భరించలేనంత ఉంది. పట్టీల మీద తెగిపోయిన అక్షరాలుంటాయి. ఒకడికి "సుము" దొరికితే ఇంకొకడు "హూర్తం" కోసం బోరా అంతా వెతికాడు. ఉర్దూ అక్షరాలున్న ముక్కలు పట్టుకుని పక్క గదికి పరిగెత్తి చదివించుకొచ్చారు. ఎవరో తెలియని వాళ్ల ఇంటి పేర్లు, ఫంక్షన్ హాళ్ల పేర్లు. అవి లోపలికి పోయేలా తిప్పి చేయమన్నాను.

ఇక గాజుల సంగతి. లాడ్ బజార్‌లో బడి పెట్టుకుని గాజులు లేకుండా అలంకరణ ఏమిటని అందరూ అన్నారు. బడికి దగ్గర్లో ఉన్న ఒక దుకాణం ఆయన తనంత తానే పిలిచి విరిగిన లక్కగాజులూ ఒక ప్యాకెట్ రాళ్లూ ఇవ్వబోయాడు. హైదరాబాద్ లక్కగాజులకు 2024లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, బజారంతా ఆ ఉత్సాహంలో ఉంది. లక్కను నిప్పుల మీద వేడి చేసి, కడ్డీగా సాగదీసి, కొలతకు గుండ్రంగా చుట్టి, మెత్తగా ఉండగానే రాయి తర్వాత రాయి పొదుగుతారు. చూస్తే కళ్లు తిప్పుకోలేం. పిల్లలతో అట్ట మీద రాళ్లు అంటించి నల్లబల్లకు అంచు కట్టిద్దామని పెద్ద మేడం కూడా అన్నారు. పైసా ఖర్చు లేని పని.

నేను తీసుకోలేదు. దానికి ముందు సాయంత్రం సర్వేలో ఒక ఇంటికి వెళ్లాను. ఒకే గది. తల్లి, పక్కన నా మూడో తరగతి పిల్ల, ఇద్దరి మధ్య పళ్లెంలో రాళ్లు. అవి ఫ్యాన్సీ గాజులు, ముందే చేసి తెచ్చినవాటికి బంకతో రాళ్లు అంటించాలి. డజన్ల లెక్కన కూలి. నన్ను చూసి ఆ పిల్ల లేచి నిలబడి "గుడీవినింగ్ టీచర్" అంది. చేతిలో పుల్ల అలాగే ఉంది. తల్లి ఫారానికి జవాబులు చెబుతున్నంతసేపూ పిల్ల మళ్లీ కూర్చుని పని చేసుకుంటూనే ఉంది. రాయి తీసి, పుల్లతో బంక పెట్టి, అంటించడం. కళ్లు నా వైపే ఉన్నాయి, చేతులు మాత్రం ఆగలేదు. తెలుగు రాతలో ఒక వాక్యానికి పావుగంట తీసుకునే పిల్ల. వేళ్ల చివర్లు గట్టిపడి తెల్లగా పొలుసులు లేచి ఉన్నాయి. బళ్లో నేను అది సుద్దపొడి అనుకునేదాన్ని.

2015 జనవరిలో పాతబస్తీ కార్ఖానాల నుంచి గాజుల పనిలో ఉన్న బీహార్ పిల్లలను పోలీసులు వందల్లో విడిపించినప్పుడు పేపర్లలో చదివాను. కిటికీలు లేని గదులు, పన్నెండు గంటల పని. ఈ ఇల్లు అలాంటిది కాదు. ఈ పిల్ల రోజూ బడికి వస్తుంది, తల్లి పంపిస్తుంది. 2016 సవరణ తర్వాత బడి వేళ కానప్పుడు, ప్రమాదకరం కాని ఇంటి పనిలో పిల్లలు తల్లిదండ్రులకు చేయి సాయం చేయడాన్ని చట్టమూ తప్పు పట్టదు. నేను ఆ తల్లిని ఏమీ అనలేదు. ఏమంటాను? మా అమ్మ బ్లౌజులకు హుక్కులు కుట్టింది నేనే, చిన్నప్పుడు. కానీ సాయంత్రం కూలికి చేసే పనినే పొద్దున పండగ పేరుతో ఆ పిల్ల ముందు పెట్టలేను. అందరికంటే తనే బాగా చేస్తుంది, అందరం చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లు నాకు ఇష్టం లేకపోయాయి. గదిలో ఇంకెంతమంది ఇళ్లల్లో అలాంటి పళ్లెం ఉందో సర్వే అయ్యే కొద్దీ ఇంకా తెలిసింది.

దుకాణం ఆయనకు కారణం చెప్పలేదు, రాళ్లు చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారన్నాను. దానికి బదులు గాజులు వరుసగా తొడిగి పెట్టే అట్ట గొట్టాలు, నలిగినవి, అడిగి తెచ్చుకున్నాను. ఆజాద్, నెహ్రూల బొమ్మలు రంగుల్లో ప్రింటు తీయించాను. పల్చటి కాగితం ఊరికే వేలాడదీస్తే చుట్టుకుపోతుంది, గాలికి ఎగురుతుంది. పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం అతికిస్తే బరువుకు చదునుగా నిలబడుతుంది, సుత్లీకి కట్టడమూ తేలిక. వంచని పనులకని పక్కన పెట్టిన బంగారు పట్టీలు ఈ రెండు బొమ్మలకూ అంచులయ్యాయి.

కిటికీ పని ఊరికే కూర్చుని చూడటంతో మొదలైంది. పతంగి కాగితం అద్దాలకు అతికిస్తే వెలుతురు రంగురంగులుగా నేల మీద పడుతుంది. సంక్రాంతికి ఇంకా టైమున్నా దుకాణాల్లో సరుకు దిగుతోంది, పన్నెండు కాగితాలు అరవై రూపాయలకు వచ్చాయి. మా గదికి రెండు కిటికీలు. పడమటి కిటికీ పెద్దది, అందరికీ కనిపించేది. కానీ దాని మీదికి ఎండ వచ్చేది రెండు దాటాకే. ఒంటిపూట బళ్లో ఆ ఎండను చూసేవాళ్లు ఉండరు. తూర్పు కిటికీకి ఎదురు మేడ అడ్డం, పది గంటల దాకా నీడే. పది నుంచి దాదాపు పన్నెండు దాకా మాత్రం ఎండ నేరుగా పడుతుంది. కాబట్టి ఎనిమిది అద్దాల ఆ చిన్న కిటికీకే కాగితం వేశాం.

పతంగి కాగితం తడి తగిలితే రంగు వదులుతుంది, నీళ్లలా ఉన్న జిగురు పూస్తే ఎర్ర కాగితం పక్కన అద్దమంతా గులాబీ మరకలు. జిగురు గట్టిగా ఉడకబెట్టి, చల్లారనిచ్చి, నాలుగు మూలల్లో వేలికొనంత పెట్టాలి. ఒక గ్లాసు నీళ్లకు రెండు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి, చిటికెడు పటిక పొడి వేసి, సన్నమంట మీద తిప్పుతూ ఉంటే అంచులు మెరుపు తేలి చెంచాకు పట్టుకుంటుంది, అప్పుడు దించాలి. పొద్దున లేచి ఇంటి దగ్గర చేసుకుని టిఫిన్ డబ్బాలో తెచ్చేదాన్ని. అద్దానికి అంటిన మైదా తడిబట్టతో పోతుంది, గోడలా గుర్తు మిగలదు.

నల్లబల్లకు రెండు పక్కల ఖాళీ జాగాలో రంగు సుద్దలతో ముగ్గు వేశాను. ఒక చెంచా చక్కెర కరిగించిన నీళ్లలో సుద్దను కాసేపు ముంచి తీసి గీస్తే, ఆరాక రంగు ముదురుగా తేలుతుంది, పిల్లల భుజాలు రాసుకున్నా చెరగదు. చక్కెర ఎక్కువైతే చీమలు పట్టుకుంటాయి. సిమెంటు బల్ల మీద దాని మచ్చ చాలాకాలం ఉంటుంది కాబట్టి పాఠం రాసే చోట గీయకూడదు.

ఖర్చు సుత్లీతో సహా నాలుగు వందల అరవై అయిదు అయింది. అందులో పెద్దది కత్తెరలే, నూట ఇరవై. గురువారం పిల్లలకు బిస్కెట్లు, చాక్లెట్లకు నూట తొంభై తీసి పక్కన పెట్టాను. దాన్ని ముట్టుకోలేదు, సుత్లీ ఇంకో ఉండ కావాలనిపించినప్పుడు కూడా.

ఆ ఉండ అవసరం మంగళవారం పడింది. గోడకు ఎడమ వైపు గొలుసు కుంగి దాదాపు బల్ల మీదికి వచ్చింది. సుత్లీ బరువుకు సాగుతుంది, అట్ట గొలుసు రంగుకాగితం గొలుసులా తేలికగా ఉండదు. కొక్కెం దగ్గర విప్పి లాగి కడితే మళ్లీ సాయంత్రానికి అంతే. పాత ముక్కలు రెండు పేని సుత్లీని జంట చేసి, రెండు చివర్లా కొంచెం కొసరు వదిలి కట్టాను, రోజూ పొద్దున లాగి బిగించుకోవడానికి వీలుగా. బెంచీ మీద బెంచీ వేసి ఎక్కాను. రాత్రి పదింటిదాకా గల్లీలు తిరిగి వచ్చిన కాళ్లు, కింద పిల్లలు బెంచీ పట్టుకుని ఉన్నారు. తల తిరిగి గోడను పట్టుకుని కొంచెంసేపు అలాగే నిలబడిపోయాను. "టీచర్, దిగుండి, నేను కడతా" అంది ఆ రాళ్ల పిల్ల. ఆమె చేయి కొక్కేనికి అందదు, అయినా అంది.

బుధవారం పొద్దున పది దాటాక ఎండ వచ్చింది. ఎరుపు, నీలం, పసుపు చతురస్రాలు మూడో తరగతి వరుస మీదుగా పడి, లెక్కల పీరియడు అయ్యేలోపు నాలుగో తరగతి వైపు జరిగాయి. పిల్లలు వాటిలో చేతులు పెట్టి చూసుకుంటూ లెక్కలు మానేశారు. నేనూ ఆపలేదు. గురువారం పై నుంచి ఒకరు వచ్చి గదులన్నీ చూశారు. మా గదిలో గుమ్మం దగ్గరే నిలబడి, ఆజాద్ బొమ్మ బాగుందన్నారు, వేరే గోడలకు ఎందుకు పెట్టలేదని అడిగారు. ఈ గోడకు నిండుగా పెట్టాం సార్ అన్నాను. ఆయన వచ్చింది పన్నెండున్నరకు, కిటికీలో అప్పుడు ఏమీ లేదు.

బిస్కెట్లు పంచి, పిల్లలను పంపి, మళ్లీ ఫారాలు తీసుకుని బయల్దేరాను. ఇంకా సగం ఇళ్లు మిగిలి ఉన్నాయి.

శనివారం గొలుసు దించాం. పతంగి కాగితం ఆ నాలుగు రోజులకే వెలిసింది, అది పోయింది. కడియాల్లో ఇరవై దాకా గాటు దగ్గర చిరిగాయి. మిగతావి తాళాలు తీసి చదునుగా చేసి పాత బోరాలోనే పెట్టాం, అలా అయితే గొలుసు కంటే చాలా తక్కువ చోటు పడుతుంది. జనవరి 26కు తన గదికి కావాలని ఆపా అప్పుడే చెప్పి పెట్టుకుంది. కత్తెరలు కూడా ఇమ్మంది. కత్తెరలు ఇస్తాను గానీ సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలని చెప్పాను.